పీఎఫ్ లేని పనివాళ్లు సొంతంగా పెన్షన్ ఏర్పాటు చేసుకోవడం ఎలా?

బేసిక్ జీతం 15,000 ఉన్న ఉద్యోగికి పీఎఫ్ కింద నెలకు 1,800 కోస్తారు, కంపెనీ ఇంకో 1,800 వేస్తుంది. మొత్తం 3,600. డెలివరీ చేసేవాళ్లకి, ఆటో నడిపేవాళ్లకి, టైలర్లకి ఆ రెండో 1,800 వేసేవాళ్లు లేరు. అదీ వాళ్లే వేసుకోవాలి.

విజయవాడలో 30 ఏళ్ల డెలివరీ కుర్రాడిని తీసుకుందాం. పెట్రోలు, బండి ఖర్చు పోగా నెలకు సగటున 20,000 మిగులుతుంది. అతని లెక్క కూడా 3,600 దగ్గరే పెడదాం. అంటే రాబడిలో 18 శాతం.

1. ముందు వేరే ఖాతా తెరవండి

సేవింగ్స్ ఖాతానే కావాలి, కరెంట్ ఖాతా పనికిరాదు. దానికి ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి తగిలించకండి. వారం డబ్బు పడిన రోజే 18 శాతం అందులోకి పంపేయాలి. 5,200 మిగిలిన వారం 936, వాన వల్లో జ్వరం వల్లో 3,000 మిగిలిన వారం 540. ప్రతి నెలా ఇంత అని గట్టిగా పెట్టుకుంటే రాబడి తగ్గిన మొదటి నెలలోనే ఆగిపోతుంది. వాటాగా పెట్టుకుంటే రాబడితో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది.

మొదటి కొన్ని నెలలు ఈ డబ్బు ఎక్కడా పెట్టకుండా ఖాతాలోనే ఉంచండి. రెండు నెలల ఇంటి ఖర్చు పోగయ్యాకే పెన్షన్ పథకాల్లోకి వెళ్లండి. బండి ఇంజిన్ పోయిన రోజు 60 ఏళ్ల దాకా తాళం వేసిన డబ్బు అక్కరకు రాదు.

2. అటల్ పెన్షన్ యోజనలో చేరండి

18 నుంచి 40 ఏళ్లలోపు వాళ్లు, ఆదాయపు పన్ను కట్టాల్సిన అవసరం లేనివాళ్లు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో చేరవచ్చు. 60 దాటాక నెలకు 1,000 నుంచి 5,000 దాకా, మీరు ఎంచుకున్న పెన్షన్ వస్తుంది. తర్వాత భార్యకో భర్తకో అంతే వస్తుంది. ఇద్దరూ పోయాక నామినీకి, 5,000 శ్లాబు అయితే, 8.5 లక్షలు ఇస్తారు.

30 ఏట చేరితే 5,000 పెన్షన్‌కి నెలకు 577. అదే 35కి 902, 40కి 1,454. ఆలస్యం ఖరీదు ఎంతో ఈ మూడు అంకెల్లోనే ఉంది.

ఫారంలో 5,000 అని మీరే రాయండి. మా వీధి టైలర్ బ్యాంకువాళ్లు చెప్పిన చోటల్లా సంతకం పెట్టి వచ్చాడు. మూడేళ్ల తర్వాత పాస్‌బుక్ చూస్తే నెలకు 116 మాత్రమే పోతోంది. ఆ డబ్బుకి వచ్చేది 1,000 పెన్షన్. శ్లాబును ఏడాదికి ఒకసారి మార్చుకోవచ్చు గానీ తేడా కట్టుకోవాలి.

నెలాఖరులోగా ఖాతాలో డబ్బు లేకపోతే ఆ కిస్తీ బాకీ పడుతుంది. ప్రతి 100 రూపాయలకు నెలకు 1 రూపాయి చొప్పున అదనం కట్టాలి. ఇది చిన్న మొత్తమే, కానీ వరసగా బాకీలు పడితే తీర్చడం కష్టం. అందుకే ఆ ఖాతాలో ఎప్పుడూ మూడు కిస్తీలు, అంటే 1,731, తగ్గకుండా ఉంచండి. నెల నెలా వద్దనుకుంటే మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి కట్టే వీలూ ఉంది.

3. దీంతోనే ఆగకండి

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఆ 5,000 ధరలతో పాటు పెరగదు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, 30 ఏళ్ల తర్వాత వచ్చే 5,000తో ఇవాళ్టి 870 రూపాయల సరుకే కొనగలం. మందుల ఖర్చుకు కూడా చాలదు.

అందుకే 577 పోగా మిగిలిన సుమారు 3,000 ఎన్‌పీఎస్ అనే ప్రభుత్వ పెన్షన్ పథకంలో వేయాలి. ఖాతా ఆన్‌లైన్‌లో ఆధార్, పాన్‌తో తెరవవచ్చు. ఒకసారికి కనీసం 500, ఏడాదికి కనీసం 1,000 వేస్తే చాలు, పైన ఎంతైనా మీ ఇష్టం. రాబడి నిలకడగా లేనివాళ్లకి ఈ వెసులుబాటే ముఖ్యం. పండగ నెలలో 5,000, ఎండాకాలంలో 1,000 వేసినా ఎవరూ అడగరు. ఫండ్ ఎంచుకోవడం తెలియకపోతే ‘ఆటో ఛాయిస్’ పెట్టండి, వయసు పెరిగేకొద్దీ షేర్ల వాటా దానంతటదే తగ్గుతుంది.

సగటున నెలకు 3,000 వేస్తూ, ఏటా 8 శాతం పెరిగితే 30 ఏళ్లకు దాదాపు 45 లక్షలు అవుతుంది. ఇది హామీ కాదు, మార్కెట్‌ను బట్టి ఉంటుంది. ఇవాళ్టి విలువలో సుమారు 7.8 లక్షలు. చివర్లో కొంత ఒకేసారి చేతికొస్తుంది, మిగతా దానితో పెన్షన్ కొనాలి. ఆ వాటాల నిబంధనలు మారుతుంటాయి, 60 దగ్గర పడ్డాక చూసుకోండి.

4. ఏడాదికి ఒకసారి చూసుకోండి

ఏప్రిల్‌లో పాస్‌బుక్ తీసి అటల్ పెన్షన్ కిస్తీలు పన్నెండూ పోయాయా లెక్కపెట్టండి. పోకపోతే బ్యాంకులో అడగండి. ఎన్‌పీఎస్ స్టేట్‌మెంట్‌లో నామినీ పేరు, మొబైల్ నంబరు సరిగా ఉన్నాయా చూడండి. రెండిటికీ ప్రాన్ నంబర్లు, అంటే పెన్షన్ ఖాతా నంబర్లు, వేరు. వాటిని రాసి ఇంట్లో ఇంకొకరికి కూడా ఇవ్వండి. సిమ్ మార్చినప్పుడు బ్యాంకులోనే కాకుండా ఎన్‌పీఎస్‌లో కూడా కొత్త నంబరు ఇవ్వాలి.