వారానికోసారి ఆర్డర్ పెట్టినా మధ్యలో సరుకు అయిపోతుంటే: నా అనుభవం

మేం సోమవారం ఉదయం మాత్రమే స్టాక్ లెక్కపెట్టి ఆర్డర్ పెడతాం, సరుకు గురువారం ఉదయం వస్తుంది. ఒక ఐటమ్ మాత్రం దాదాపు ప్రతి మంగళ, బుధవారాల్లో ఖాళీ. సేఫ్టీ స్టాక్ కొద్దికొద్దిగా పెంచాను, సప్లయర్‌ని తొందరపెట్టాను, రోజూ లెక్కపెట్టించాను, ఏదీ నిలబడలేదు.

తప్పు, ఆర్డర్‌తో సరుకును ఎంతవరకు నింపాలో చెప్పే గరిష్ఠ మట్టంలో ఉంది. రోజుకు సగటున 20 పోతాయి కాబట్టి వారానికి 140, పైన 17 కలిపి 157 పెట్టుకున్నాను. కానీ ఈ సోమవారం పెట్టిన ఆర్డర్ తర్వాత మళ్లీ సరుకు చేరేది వచ్చే సోమవారం ఆర్డర్‌తో, అంటే ఆపై గురువారం. కాపాడాల్సింది 7 రోజులు కాదు, 7 + 3 = 10 రోజులు. 157 ఎనిమిది రోజులకే అయిపోతుంది, అందుకే సరిగ్గా ఆ రెండు రోజులు ఖాళీ.

ముందు 10 రోజుల సగటు అమ్మకం తీశాను: 20 × 10 = 200. రోజువారీ అమ్మకాల ప్రామాణిక విచలనం 6. దాన్ని √10తో గుణిస్తే 19. సరుకు వచ్చేలోపు నూటికి 95 సార్లు అయిపోకుండా ఉండాలని 1.65తో గుణిస్తే 31. కొత్త మట్టం 231.

ఆ తర్వాత, ప్రతి సోమవారం ఆర్డర్ లెక్కలో చేసే తీసివేత మార్చాను. షెల్ఫ్‌లో 85, పాత ఆర్డర్‌లో తక్కువగా వచ్చి ఇంకా రావాల్సినవి 40 ఉంటే, ఆర్డర్ 231 − 85 − 40 = 106. ఆ 40 మరిచిపోతే అవే రెండోసారి వచ్చి కూర్చుంటాయి, నాకు ఒకసారి అలాగే అయింది.

రెండు నెలలుగా ఆ ఖాళీ రాలేదు. అయితే మా అమ్మకాలు రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, డెలివరీ కూడా రోజు తప్పదు. మీ సప్లయర్ ఒకసారి 3 రోజులు, ఒకసారి 8 రోజులు తీసుకుంటే ఈ 31 సరిపోదు. ఆ తేడానీ లెక్కలోకి తేవాలి.