నిర్మాతకు పంపిన కథ మెయిల్‌కి జవాబు వచ్చిన తీరు (నా అనుభవం)

ఎనిమిది నెలల్లో పదకొండు మెయిళ్లు పంపినా ఒక్క జవాబూ రాలేదు. స్క్రిప్ట్ మొత్తం పీడీఎఫ్‌గా జతచేయడం, వాట్సాప్ మెసేజ్‌లు, ఆఫీసు గేటు దగ్గర ఎదురుచూపులు, అన్నీ వృథా అయ్యాయి.

ఈసారి అటాచ్‌మెంట్ తీసేశాను. సబ్జెక్ట్ లైన్: "కథ: ఒకే రాత్రి, పల్లెటూరి థ్రిల్లర్, స్క్రిప్ట్ సిద్ధం". నా పరిచయాన్ని చివరికి జరిపి, మొదటి వాక్యంలోనే కథ పెట్టాను. ఇదివరకు "తండ్రీకొడుకుల ఎమోషనల్ కథ" అని రాసేవాణ్ని. అది ఏ సినిమాకైనా సరిపోతుంది. కొత్త వాక్యం ఇది: "చెరువు కట్ట తెగబోతోందని తెలిసింది ఒక్క నీరటికాడికే, కానీ ఆ ఊరు అతణ్ని వెలివేసి పదేళ్లయింది." మనిషి, ప్రమాదం, అడ్డంకి మూడూ అందులోనే ఉన్నాయి.

రెండు వారాలు ఆగి, అదే మెయిల్‌కి రిప్లైగా రాశాను: "నమస్కారం సార్. చెరువు కథ గురించి గుర్తు చేస్తున్నాను. మీరు సరేనంటే రెండు పేజీల సినాప్సిస్ పంపుతాను. ఇప్పుడు కుదరకపోయినా ఫరవాలేదండీ."

మర్నాడే సినాప్సిస్ అడిగారు, తర్వాత నెరేషన్‌కి పిలిచారు. సినిమా ఇంకా ఓకే కాలేదు. వాళ్లది చిన్న బ్యానర్, మెయిళ్లు చదివే మేనేజర్ ఉన్నారు. తెలిసినవాళ్ల ద్వారానే కథలు వినే పెద్ద సంస్థల్లో ఇది పనిచేస్తుందని చెప్పలేను.