సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు బయలుదేరే ముందు

• అక్కడ మీ సొంత వివరాలతో నింపే పీఐక్యూ పత్రాన్ని ఇంట్లోనే ఒకసారి రాసి చూసుకోండి. అధికారి ప్రశ్నలు చాలావరకు అందులోంచే పుడతాయి.

• హాబీ గడిలో ‘పుస్తక పఠనం’ అని రాసేస్తారు చాలామంది. ఈ మూడు నెలల్లో ఏం చదివారు? జవాబు లేకపోతే కొట్టేయండి. పెన్నా ఒడ్డున గాలం వేయడమే మీ అలవాటైతే అదే రాయండి. ఏ ఎర, ఏ చేప అని అడిగినా తడబడరు.

• నాన్నగారిది రొయ్యల చెరువా? మేత ఖర్చెంత, తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడాది అప్పు ఎలా తీర్చారో ఆయననే అడగండి. ఆయనతో గొడవపడిన సంగతి దాచనక్కరలేదు, కానీ మీ తప్పెంతో కూడా చెప్పాలి.

• 2025 ఆగస్టులో మన దేశ సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. దానివల్ల మీ చెరువు గట్టు మీద రొయ్య ధర ఏమైందో ముందు తెలుసుకోండి, విదేశాంగ విధానం తర్వాత.