నీళ్లు పోసినా మొక్క వాలిపోతోందా? ముందు కుండీని ఎత్తి చూడండి

మే నెలలో నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. "రోజూ నీళ్లు పోస్తున్నాను, అయినా ఆకులు వాలిపోతున్నాయి, ఏం మందు కొట్టాలి?" మందు సంగతి తర్వాత. కుండీని రెండు చేతులతో ఎత్తి చూశారా? నూటికి తొంభై మంది చూడరు. నీళ్లు అందని మొక్కా, నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లిన మొక్కా పైకి ఒకేలా వాలిపోతాయి. తేడా చెప్పేది బరువే. తేలికగా ఉంటే వేళ్లకు నీరు అందడం లేదు. బరువుగా ఉండి కూడా వాలిందంటే వేళ్లు ఊపిరాడక చస్తున్నాయి.

రెండింటిలో ఏది జరుగుతుందో చాలావరకు కుండీయే నిర్ణయిస్తుంది. కాల్చిన మట్టి కుండీ గోడల్లోంచి కూడా నీరు ఆవిరవుతుంది, అందుకే లోపల వేళ్లు చల్లగా ఉంటాయి, గాలీ ఆడుతుంది. కానీ పడమటి వడగాలి వీస్తుంటే ఒక్క రోజులోనే ఆరిపోతుంది. ప్లాస్టిక్ కుండీ గోడ నీటిని వదలదు. అదే సైజు మట్టి కుండీకి రోజూ నీళ్లు కావలసి వస్తే, దీనికి రెండు మూడు రోజులకోసారి చాలు. పింగాణీ కుండీ కూడా మట్టిదే కదా అంటారు. పైన పూసిన మెరుగు గోడను మూసేస్తుంది కాబట్టి నీటి లెక్కలో అది ప్లాస్టిక్ వైపే.

ఇప్పుడు నన్నే మోసం చేసిన సంగతి. కావలిలో మా పిన్ని డాబా మీద పన్నెండు అంగుళాల మట్టి కుండీలో మందారం ఉంది. ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోసేది. పోసిన కాసేపటికే కింది పళ్లెం నిండేది. "నీళ్లు ఎక్కువవుతున్నాయి పిన్నీ, ఒకపూట ఆపు" అని సలహా ఇచ్చింది నేనే. వారంలో మొగ్గలన్నీ రాలిపోయాయి. చివరికి మొక్కను బయటికి లాగి చూస్తే పైన అంగుళం మాత్రమే తడి. లోపల మట్టి బెల్లంగడ్డలా గట్టిగా, పొడిగా ఉంది.

జరిగింది ఇదీ. కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడకు దూరంగా జరుగుతుంది. పొట్టు అంత ఎండాక నీటిని వెంటనే పీల్చుకోదు. పోసిన నీరు ఆ సందులోంచి జారి కింది రంధ్రంలోంచి వెళ్లిపోతుంది. పళ్లెం నిండగానే మనకు తృప్తి, వేళ్లకు మాత్రం దాహం. ఇది ఏ కుండీలోనైనా జరగవచ్చు గానీ, త్వరగా ఎండేది మట్టి కుండీ కాబట్టి ఎక్కువగా అందులోనే చూశాను. గుర్తుపట్టడం సులువు: పోసిన కొన్ని సెకన్లకే కింద నీరు వచ్చి, కుండీ బరువు పెద్దగా పెరగకపోతే ఇదే. గోడ పక్కన వేలుగోరు దూరేంత సందు కూడా కనిపిస్తుంది.

అప్పుడు పైనుంచి ఎన్ని చెంబులు పోసినా దండగ. కుండీని నీళ్ల తొట్టెలో దించండి, నీటి మట్టం కుండీ అంచుకు రెండు అంగుళాలు కిందికి ఉండాలి. అరగంట నుంచి ముప్పావు గంటలో మట్టి పైభాగం కూడా తడిగా కనిపిస్తుంది. అప్పుడు తీసి, అదనపు నీరు కారిపోయేదాకా నీడలో ఉంచండి. రాత్రంతా నీళ్లలో వదిలేయకండి, అలా వదిలేసి ఒక గులాబీని నేనే చంపుకున్నాను. తర్వాత మిగిలిన సందును మట్టితో పూడ్చి, పైన వేరుశనగ పొట్టు రెండు వేళ్ల మందాన పరచండి. ఇకపై చెంబును ఒకేసారి గుమ్మరించకుండా సగం పోసి, పది నిమిషాలాగి మిగతా సగం పోయండి. పిన్ని మందారం మూడో రోజుకు నిలబడింది, మొగ్గలకు మాత్రం నెల పట్టింది.

బరువుగా ఉండి వాలిన కుండీ కథ మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వానల్లో మొదలవుతుంది. పింగాణీ కుండీయే ఎక్కువగా దొరికిపోతుంది: రంధ్రం ఒక్కటే ఉంటుంది, లేదా అదీ ఉండదు. రంధ్రం మూసుకుపోయిందేమో పుల్ల దూర్చి చూడండి. తర్వాత మొక్కను బయటికి తీసి, వేరును రెండు వేళ్లతో లాగితే పైపొర ఊడి దారంలాంటిది మిగిలితే అది కుళ్లిన వేరు. కుళ్లినంత మేర కత్తిరించి, కొత్త మట్టిలో, రంధ్రమున్న కుండీలో నాటండి. అడుగున గులకరాళ్లు వేస్తే నీరు దిగుతుందని నమ్మకండి, తడి మట్టి వేళ్లకు ఇంకా దగ్గరగా నిలుస్తుంది. పింగాణీ అందం కావాలంటే, రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీని దానిలో పెట్టి, అడుగున చేరిన నీటిని పారబోస్తూ ఉండండి.

మట్టి కుండీ బయట తెల్లటి పొరలు కడితే బూజు అని భయపడతారు. చాలాసార్లు అది బోరు నీటిలోని ఉప్పే, గట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ డాబా మీద పడమటి ఎండలో ఉంటే ఆ పక్క వేళ్లు మాడతాయి, నీడకు జరపండి. పురుగులు, తెగుళ్లు అంటారా, అవీ ఉంటాయి. కుండీ ఎత్తి చూశాకే వాటి గురించి అడగండి.