పీవీ లూప్ తప్పుగా వస్తోందా? ముందు పై గీత గీయండి

నల్గొండలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పిల్లలకు నేను ఫిజియాలజీ చెబుతాను. ఒక బీట్‌లో ఎడమ జఠరిక ప్రెషర్, వాల్యూమ్ ఎలా మారతాయో చూపే బొమ్మే పీవీ లూప్. ఆ క్లాసు అయ్యాక ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి గీయమంటాను. మామూలు లూప్ అందరూ బాగానే గీస్తారు. "ఇప్పుడు ఆఫ్టర్‌లోడ్ పెంచు", అంటే రక్తాన్ని బయటికి నెట్టేటప్పుడు గుండెకు ఎదురయ్యే ప్రెషర్‌ను పెంచు, అనగానే చాక్‌పీస్ ఆగిపోతుంది. ఎక్కువమంది ఎక్కడ తడబడతారో, అక్కడ ఏం చేయాలో రాస్తున్నాను.

అన్నిటికీ ఒకే గుండెను తీసుకుందాం. అంకెలు లెక్కకు వీలుగా ఎంచుకున్నవి. అడ్డంగా వాల్యూమ్, నిలువుగా ప్రెషర్. జఠరిక 120 మి.లీ. వరకు నిండుతుంది, 50 మిగుల్చుకుంటుంది. అంటే బీట్‌కు 70 మి.లీ. బయటికి పోతుంది. సంకోచం ముగిసే క్షణంలో, అంటే లూప్ ఎడమ పై మూలలో, ప్రెషర్ 100 మి.మీ. పాదరసం.

సమస్య 1: ఆఫ్టర్‌లోడ్ పెంచితే లూప్ పొడుగైంది, వెడల్పు మాత్రం మారలేదు

అందరికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఇలాగే గీసి, "సార్, ఎదురు ప్రెషర్ పెరిగింది కాబట్టి గుండె ఇంకా గట్టిగా పిండుతుంది కదా, అదే 70 పోతుంది" అన్నాడు.

కారణం: లూప్‌ను విడి బొమ్మలా గీయడం. లూప్ తనకు నచ్చినట్టు కదలదు. దానికి పైన ఒక గీత, కింద ఒక గీత హద్దుగా ఉంటాయి. గుండె కండరం బలం మారనంతవరకు, సంకోచం ఏ ప్రెషర్ దగ్గర ముగిసినా ఎడమ పై మూల ఆ పై గీత మీదే పడుతుంది. 1970లలో సుగా, సగావా కుక్క గుండెల మీద చేసిన ప్రయోగాల్లో తేల్చింది ఇదే. ఆ అబ్బాయి మూలను నేరుగా పైకి లాగాడు, దాంతో అది గీత దాటిపోయింది. అంటే అతను గీసింది ఆఫ్టర్‌లోడ్ పెరిగిన లూప్ కాదు, ఆఫ్టర్‌లోడ్‌తో పాటు కండరం బలం కూడా పెరిగిన లూప్.

పరిష్కారం: లూప్ కంటే ముందు పై గీత గీయండి. మన గుండెకు అది అడ్డ గీత మీద 10 మి.లీ. దగ్గర మొదలై, ప్రతి మి.లీ.కి 2.5 మి.మీ. చొప్పున ఎక్కుతుంది. ఇప్పుడు ముగింపు ప్రెషర్ 100 నుంచి 130కి పెరిగిందనుకోండి. గీత మీద 130 ఎక్కడ ఉందో చూడాలి.

```
100 వద్ద మిగిలేది = 10 + 100 ÷ 2.5 = 50
130 వద్ద మిగిలేది = 10 + 130 ÷ 2.5 = 62
బయటికి పోయేది = 120 − 62 = 58
```

70 కాస్తా 58 అయింది. లూప్ పొడుగైంది, సన్నబడింది కూడా. లూప్ కుడి గోడ ఉన్నచోటే ఉంటుంది కానీ ఇంకా పైకి సాగుతుంది, ఎందుకంటే బృహద్ధమని కవాటం తెరుచుకోవాలంటే ముందుకంటే ఎక్కువ ప్రెషర్ కావాలి. ఎడమ గోడ కుడివైపు జరుగుతుంది.

ఆ అబ్బాయికి బత్తాయి తోట ఉంది. "బోరు మోటార్ అదే, ట్యాంకు మాత్రం ఇంకా ఎత్తులో కట్టారు. నీళ్లు అంతే వస్తాయా?" అని అడిగాను. "ధార సన్నగా వస్తది సార్" అన్నాడు. మళ్లీ బోర్డు మీద గీస్తే సరిగ్గా వచ్చింది.

సమస్య 2: ఒక బొమ్మలో వెడల్పు తగ్గింది, ఇంకో బొమ్మలో మొత్తం లూప్ కుడికి జరిగింది. ఏది నిజం?

రెండూ నిజమే. మొదటిది ఆఫ్టర్‌లోడ్ పెరిగిన తొలి బీట్, రెండోది కొన్ని బీట్ల తర్వాతి స్థితి. మన లెక్కలో తొలి బీట్‌లో అదనంగా 12 మి.లీ. లోపలే మిగిలింది. కుడివైపు గుండె మాత్రం ఇంకా 70 పంపుతూనే ఉంది. 62 మీద 70 వచ్చి చేరితే 132 అవుతుంది. ప్రెషర్ 130 దగ్గరే ఉంటే 132 నుంచి 62 వరకు, అంటే మళ్లీ 70 బయటికి పోతుంది. వెడల్పు తిరిగి వచ్చింది, లూప్ మాత్రం 12 మి.లీ. కుడికి జరిగి నిలబడింది. ఒంట్లో నాడుల, హార్మోన్ల స్పందనలు కూడా కలుస్తాయి కాబట్టి అంకెలు ఇంత శుభ్రంగా రావు, కానీ దిశ ఇదే.

అందుకే బొమ్మ పక్కన "తొలి బీట్" అనో "స్థిరపడ్డాక" అనో తప్పకుండా రాయండి. వైవాలో ఆ ఒక్క మాట లేకపోతే సరైన బొమ్మ కూడా తప్పుగా కనిపిస్తుంది.

సమస్య 3: ప్రీలోడ్ పెంచితే ఎడమ గోడ కూడా కదిలిపోయింది

ప్రీలోడ్ అంటే సంకోచానికి ముందు ఎంత నిండిందన్నది. సెలైన్ ఎక్కించి 120ని 150 చేశామనుకోండి. ముగింపు ప్రెషర్ 100 దగ్గరే ఉందనుకుంటే మిగిలేది అదే 50. కుడి గోడ ఒక్కటే కుడికి జరుగుతుంది, బయటికి పోయేది 100 మి.లీ. పాఠ్యపుస్తకం బొమ్మ ఇదే, పరీక్షలో కూడా ఇదే గీయండి.

అయితే ఎడమ గోడ కొంచెం కదిలించిన విద్యార్థి పూర్తిగా తప్పు చేయలేదు. ఒంట్లో ఎక్కువ రక్తం ధమనుల్లోకి పోతే అక్కడ ప్రెషర్ కూడా పెరుగుతుంది. ధమనుల స్వభావం మారలేదనుకుని ఇదే గుండెకు లెక్క వేస్తే ముగింపు ప్రెషర్ దాదాపు 127, మిగిలేది 61, బయటికి పోయేది 89 వస్తాయి. మూల పై గీత వెంటే కొంచెం ఎక్కింది, గీత దాటలేదు. తప్పో ఒప్పో తేల్చేది అదే.

జఠరిక నిండేకొద్దీ ప్రెషర్ ఎంత పెరుగుతుందో చూపే కింది గీతను కూడా మరవకండి. అది వంపులేని తిన్నని గీత కాదు, మొదట్లో చదునుగా ఉండి కుడివైపు పోయేకొద్దీ నిలువుగా లేస్తుంది. ప్రీలోడ్ పెంచినప్పుడు కుడి కింది మూల దాని మీదుగా పాకాలి. అదే ఎత్తులో అడ్డంగా జరిపితే గుండెను ఎంత నింపినా ప్రెషర్ పెరగదని చెప్పినట్టవుతుంది.

సమస్య 4: అదే ఆఫ్టర్‌లోడ్‌కు బలహీనమైన గుండె ఎందుకు అంతగా పడిపోతుంది?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు చాలా ఇష్టం, ఎందుకంటే వార్డులో పనికొచ్చేది ఇదే. జవాబు పై గీత వాలులో ఉంది. బలహీనమైన గుండెకు ఆ గీత పడుకుంటుంది. వాలు 2.5 బదులు 1 అనుకుందాం. 100 ప్రెషర్ దగ్గర మిగిలేది 110. బాగా సాగి 180 వరకు నిండుతోంది కాబట్టి ఇంకా 70 పంపగలుగుతోంది. అందుకే మంచం మీద కూర్చున్నంతసేపు ఆ మనిషి బాగానే కనిపిస్తాడు.

ఇప్పుడు ప్రెషర్ 30 పెరగనివ్వండి. ఎంత నష్టమో తెలియాలంటే 30ని వాలుతో భాగించాలి. మంచి గుండెకు 12 మి.లీ. పోయింది, దీనికి 30 పోతుంది. 70లో 40 మాత్రమే మిగులుతుంది. లోపల ఆగిపోయిన 30 తర్వాతి బీట్లలో వాల్యూమ్‌ను 210 వైపు తోస్తుంది. ఈ గుండె అప్పటికే కింది గీత నిలువుగా లేచే చోట ఉంది. లోపలి ప్రెషర్ ఎగబాకి ఊపిరితిత్తుల మీద పడుతుంది, ఆయాసం అక్కడి నుంచే వస్తుంది.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. మందుతో ముగింపు ప్రెషర్‌ను 100 నుంచి 80కి దించితే మిగిలేది 90, తొలి బీట్‌లోనే బయటికి పోయేది 90. కండరం బలం అణువంత కూడా పెరగకుండా 20 మి.లీ. లాభం. మంచి గుండెలో అదే 20 దించితే వచ్చేది 8 మి.లీ. మాత్రమే.