ఏబీసీ బిట్‌లో బ్యాచ్‌ ఖర్చుని కేజీలతో భాగించకండి: పరీక్షకు ముందు జాగ్రత్తలు

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఈ మధ్య విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్ పెట్టిన మాక్ టెస్టులో యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్ మీద ఒక బిట్ వచ్చింది. ఫార్ములాలు కంఠతా వచ్చిన పిల్లలు కూడా చాలామంది ఒకే తప్పు ఆప్షన్‌కి టిక్ పెట్టారు. వాళ్ల రఫ్ వర్క్ చూస్తే కూడికలు సరిగ్గానే ఉన్నాయి, భాగహారాలూ సరిగ్గానే ఉన్నాయి. దేనితో భాగించాలో అదే తప్పు.

సీఎంఏ ఇంటర్ అయినా సీఏ ఇంటర్ అయినా కాస్టింగ్ పేపర్‌లో 30 మార్కులు బిట్లవే. అక్కడ స్టెప్పులకి మార్కులుండవు. డ్రైవర్ తప్పితే ఆ బిట్ మొత్తం పోయినట్టే. ఏబీసీ అంటే ఏమిటి, లాభాలేమిటి, పరిమితులేమిటి అనేవి మీకు వచ్చే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. చెప్పాల్సింది ఒక్కటే: బ్యాచ్‌కి ఒకసారి పడే ఖర్చుని యూనిట్లతో భాగించకండి.

లెక్క ఇలా ఉంటుంది

గుంటూరులో ఒక కారం మిల్లు ఉందనుకోండి. సాదా కారం 18,000 కేజీలు, స్పెషల్ కారం 2,000 కేజీలు ఆడిస్తారు. ఏ కారమైనా కేజీకి 0.02 మెషిన్ గంటలే కాబట్టి సాదాకి 360 గంటలు, స్పెషల్‌కి 40 గంటలు, మొత్తం 400. సాదా కారాన్ని 1,500 కేజీల బ్యాచ్‌లుగా, స్పెషల్‌ని 100 కేజీల బ్యాచ్‌లుగా ఆడిస్తారు. ఓవర్‌హెడ్లు మూడు: మిల్లు నడిపే ఖర్చు ₹1,20,000, బ్యాచ్ మార్చినప్పుడల్లా మిల్లు శుభ్రం చేసే ఖర్చు ₹96,000, మిరపకాయలకి ఆర్డర్లు పెట్టే ఖర్చు ₹24,000. మొత్తం ₹2,40,000. పర్చేజ్ ఆర్డర్లు సాదాకి 6, స్పెషల్‌కి 10.

పాత పద్ధతిలో, అంటే అబ్జార్ప్షన్ కాస్టింగ్‌లో, మొత్తం ఓవర్‌హెడ్‌ని మెషిన్ గంటలతో భాగిస్తాం. 2,40,000 ÷ 400 = గంటకి ₹600. కేజీకి 0.02 గంటలు కాబట్టి సాదాకీ ₹12, స్పెషల్‌కీ ₹12.

ఇప్పుడు ఏబీసీ. నడిపే ఖర్చు దగ్గర ఎవరూ తప్పు చేయరు: 1,20,000 ÷ 400 = గంటకి ₹300, రెండు రకాలకీ కేజీకి ₹6. తప్పు జరిగేది శుభ్రత దగ్గరే. ప్రశ్నలో 18,000, 2,000 అని పెద్ద అంకెలు కళ్లెదుటే ఉంటాయి. బ్యాచ్‌లు ఎన్ని అనేది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. చెయ్యి తనంతట తనే 96,000 ÷ 20,000 అని వేసేస్తుంది. కేజీకి ₹4.80 వస్తుంది. చూడ్డానికి నమ్మదగ్గ అంకే. స్పెషల్‌కి ఆర్డర్ల ఖర్చు సరిగ్గా కట్టి కలిపితే 6 + 4.80 + 7.50 = ₹18.30. ఆ ₹18.30 ఆప్షన్లలో ఉండి తీరుతుంది, ఎందుకంటే ఈ పొరపాటు చేస్తారని పేపర్ సెట్ చేసేవాళ్లకి బాగా తెలుసు.

శుభ్రం చేసే మనిషి ఏం చేస్తాడో ఒకసారి చూడండి. మిల్లు ఆపుతాడు, జల్లెడ విప్పుతాడు, లోపల అంటుకున్న పాత కారం బ్రష్‌తో దులుపుతాడు, మళ్లీ బిగిస్తాడు. తర్వాత పోసేది 1,500 కేజీలైనా 100 కేజీలైనా అతని పని అంతే. ఖర్చు పుట్టింది మిల్లు ఆపినందుకు, కేజీలు ఆడినందుకు కాదు. అందుకే ఇక్కడ డ్రైవర్ బ్యాచ్‌ల సంఖ్య. సాదా 18,000 ÷ 1,500 = 12 బ్యాచ్‌లు, స్పెషల్ 2,000 ÷ 100 = 20 బ్యాచ్‌లు, మొత్తం 32. బ్యాచ్‌కి 96,000 ÷ 32 = ₹3,000. సాదాకి ₹36,000, అంటే కేజీకి ₹2. స్పెషల్‌కి ₹60,000, అంటే కేజీకి ₹30.

ఆర్డర్ల ఖర్చు 24,000 ÷ 16 = ఆర్డర్‌కి ₹1,500. సాదాకి ₹9,000, కేజీకి 50 పైసలు. స్పెషల్‌కి ₹15,000, కేజీకి ₹7.50.

మొత్తం చూస్తే సాదా కారం కేజీకి ₹8.50, స్పెషల్ కారం ₹43.50. పాత పద్ధతిలో రెండూ ₹12 అన్నాం. అంటే స్పెషల్ కారం మోయాల్సిన బరువులో చాలా భాగం ఇన్నాళ్లూ సాదా కారం మోసింది. 1980లలో రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లన్ ఏబీసీకి రూపమిచ్చింది సరిగ్గా ఈ వంకర సరిచేయడానికే.

కేజీలతో భాగిస్తే అసలు నష్టం

ఒక పిల్లవాడు శుభ్రతతో పాటు ఆర్డర్లని కూడా కేజీలతోనే భాగించాడనుకోండి. 6 + 4.80 + 1.20 = ₹12. అబ్జార్ప్షన్‌లో వచ్చిన అంకే మళ్లీ వచ్చింది! మూడు పూల్స్ విడదీసి, మూడు రేట్లు కట్టి, ఐదు నిమిషాలు ఖర్చు పెట్టి మొదలుపెట్టిన చోటికే వచ్చాడు. పూల్స్ విడదీయడంతో ఏబీసీ అయిపోదు. డ్రైవర్ మారితేనే అది ఏబీసీ. బ్యాచ్ సైజుల్లో, ఆర్డర్లలో ఇంత తేడా ఉన్న ప్రశ్నలో మీకు రెండు పద్ధతుల్లోనూ ఒకే అంకె వచ్చిందంటే, ఏదో పూల్‌ని మళ్లీ యూనిట్లతో భాగించారని అర్థం. అక్కడే ఆగి వెనక్కి వెళ్లండి.

డ్రైవర్ ఎంచుకునే ముందు

ప్రతి పూల్ పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ఖర్చు ఇంకొక్కసారి పడాలంటే ఏం జరగాలి? ఇంకో కేజీ ఆడాలా, ఇంకో బ్యాచ్ మొదలవ్వాలా, ఇంకో ఆర్డర్ పెట్టాలా, ఇంకో కొత్త రకం తయారవ్వాలా? వచ్చిన జవాబే డ్రైవర్. ప్రశ్నపత్రంలో ఏ అంకె పెద్దగా కనబడుతోందన్నదానితో సంబంధం లేదు.

"సార్, శుభ్రత గంటలు కూడా ఇచ్చారు, సంఖ్య తీసుకోవాలా గంటలు తీసుకోవాలా?" అని అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. ఒక్కోసారికి ఒకే సమయం పడితే సంఖ్య చాలు, ఏది తీసుకున్నా జవాబు ఒక్కటే. సమయాల్లో తేడా ఉంటే గంటలే తీసుకోవాలి. పై లెక్కలోనే సాదా బ్యాచ్‌కి 5 గంటలు, స్పెషల్ బ్యాచ్‌కి 3 గంటల శుభ్రత అని ఇచ్చారనుకోండి. 12 × 5 = 60, 20 × 3 = 60, మొత్తం 120 గంటలు. గంటకి ₹800. స్పెషల్‌కి ₹48,000, కేజీకి ₹24. సంఖ్యతో చేసినవాళ్లకి ₹30 వస్తుంది. రెండూ ఆప్షన్లలో ఉంటాయి. గంటల్లో తేడా ఇచ్చారంటే వాడమనే ఇచ్చారు.

ఇక మిగిలినవి. వీటిలో కొన్నింటికి కారణాలు చెప్పను, పాటించండి చాలు.

బ్యాచ్‌ల సంఖ్య ఇవ్వకపోతే కట్టుకోండి. బ్యాచ్ సైజు ఇచ్చారంటే దాంతో భాగించమనే.

2,050 కేజీలు, బ్యాచ్‌కి 100 అంటే 20.5 కాదు, 21. మిగిలిన 50 కేజీల కోసం కూడా మిల్లు ఆపి శుభ్రం చేయాల్సిందే. కింది సంఖ్యకి ఎప్పుడూ దించకండి.

ఇన్‌స్పెక్షన్ అనగానే యూనిట్లు అనుకోకండి. ప్రతి ప్యాకెట్ చూస్తున్నారా, బ్యాచ్‌కి ఒక శాంపిల్ తీస్తున్నారా? ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి.

కొనుగోలు విభాగం ఖర్చుకి ఆర్డర్ల సంఖ్య. ఆర్డర్ల విలువ కాదు. ₹5 లక్షల ఆర్డర్‌కైనా ₹50 వేల ఆర్డర్‌కైనా నింపే కాగితాలు అవే.

మెటీరియల్ హ్యాండ్లింగ్‌కి ఎన్నిసార్లు తరలించారన్నది చూడండి. బరువు వైపు చూపు పోనివ్వకండి, ప్రశ్నే బరువుని బట్టి అంటే తప్ప.

ఫ్యాక్టరీ అద్దె, వాచ్‌మన్ జీతం లాంటి వాటికి ఏ ఒక్క రకమూ కారణం కాదు. వాటికి సొంతంగా డ్రైవర్ కనిపెట్టొద్దు. ప్రశ్న ఏ ఆధారం ఇస్తే దాన్నే పట్టుకోండి.

నేల వైశాల్యాన్ని బట్టి అద్దెని విభాగాలకి పంచడం మొదటి మెట్టు. అది రిసోర్స్ డ్రైవర్. ఉత్పత్తికి పంచేటప్పుడు దాన్ని వాడకూడదు.

రేటు కట్టేటప్పుడు కింద మొత్తం 32 ఉండాలి. 12 తోనో 20 తోనో భాగిస్తే అంతే సంగతులు.

బ్యాచ్‌కి ₹3,000 వచ్చింది కదా అని ఆగిపోకండి. ప్రశ్న కేజీకి అడిగింది. ₹3,000 కూడా ఆప్షన్లలో ఉంటుంది.

చివరి లైను రెండోసారి చదవండి. "ఏబీసీ వల్ల స్పెషల్ కారం కేజీ ఓవర్‌హెడ్ ఎంత పెరిగింది" అంటే జవాబు ₹31.50, ₹43.50 కాదు.

మొత్తం కాస్ట్ అడిగితే డైరెక్ట్ మెటీరియల్, డైరెక్ట్ లేబర్ కలపండి. ఓవర్‌హెడ్ మాత్రమే అడిగితే కలపకండి.

శుభ్రతని కేజీలతో భాగించకండి. సెటప్‌ని యూనిట్లతో భాగించకండి. బ్యాచ్‌కి ఒకసారి పడే ఏ ఖర్చునీ, పేరు ఏదైనా సరే, యూనిట్లతో భాగించకండి.

టిక్ పెట్టే ముందు వెనక్కి గుణించండి: 18,000 × 8.50 = 1,53,000, 2,000 × 43.50 = 87,000, కలిపితే 2,40,000. అయితే ఇది ఓవర్‌హెడ్ మొత్తం పంచారా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. కేజీలతో భాగించినా ఈ మొత్తం ఇలాగే కలుస్తుంది. కాబట్టి మొత్తం కలిసిందని ధీమా పడకుండా, శుభ్రత రేటు కింద 32 ఉందో 20,000 ఉందో ఇంకోసారి చూసి అప్పుడు టిక్ పెట్టండి.