తిరిగే వస్తువుల లెక్క, 5వ పాఠం: పుస్తకం మధ్య అక్షం దగ్గరే ఎందుకు తిరగబడుతుంది

పుస్తకాన్ని ఒక్కో అక్షం చుట్టూ తిరిగేలా విసిరి, మధ్య అక్షం దగ్గర ఏమవుతుందో చూడమని పోయినసారి ఇచ్చిన అభ్యాసం చాలామందిని ఇబ్బంది పెట్టింది. అందులో సగం తప్పు నాదే. "మధ్య అక్షం" అని రాసి వదిలేశాను. దాన్ని పుస్తకం నడిమధ్య నుంచి పోయే అక్షం అనుకున్నారు. మూడు అక్షాలూ నడిమధ్య నుంచే పోతాయి. మధ్య అన్నది జడత్వ భ్రామకం విలువలో: ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఆ రెంటికీ మధ్యది ఒకటి.

ఒక పుస్తకం తీసుకుందాం: పొడవు 21 సెం.మీ., వెడల్పు 14, మందం 2. తెరుచుకోకుండా రెండు రబ్బరు బ్యాండ్లు వేయండి. ఒక అక్షం చుట్టూ జడత్వ భ్రామకం కావాలంటే మిగతా రెండు కొలతల వర్గాలు కూడి, ద్రవ్యరాశితో గుణించి 12తో భాగించాలి. ద్రవ్యరాశి, 12 అన్నిటికీ ఒకటే కాబట్టి నేనెప్పుడూ వాటిని వదిలేసి వర్గాల మొత్తంతోనే పని కానిస్తాను. పొడవు వెంట ఉన్న అక్షానికి 196 + 4 = 200. వెడల్పు వెంట ఉన్నదానికి 441 + 4 = 445. అట్టకు నిలువుగా దూసుకుపోయేదానికి 441 + 196 = 637. వరసగా వీటిని 1, 2, 3 అందాం. తిరగబడేది 2వది.

ఇప్పుడు విసిరి చూడండి. అట్ట మీ వైపు, కుట్టు మీ ఎడమచేతి వైపు ఉండేలా నిలువుగా పట్టుకోండి. పై అంచు మీ వైపు వాలుతూ పల్టీ కొట్టేలా పైకి విసిరి, ఒక పల్టీ అయ్యాక పట్టుకోండి. కుట్టు కుడిచేతిలోకి వస్తుంది, వెనక అట్ట కనిపిస్తుంది. పల్టీతో పాటు పుస్తకం తన పొడవు చుట్టూ అరచుట్టు మెలి తిరిగిందన్నమాట. మిగతా రెండు అక్షాల చుట్టూ తిప్పితే ఈ మెలి రాదు.

ఇక్కడే మీలో చాలామంది రాసిన వాక్యం ఇది: "గాల్లో టార్క్ లేదు, కాబట్టి కోణీయ వేగం మారకూడదు, కాబట్టి తప్పు నా చేతిది." మొదటి ముక్క నిజమే. రెండోది తప్పు. ఈ తప్పు పాఠ్యపుస్తకాల్లో కూడా దొర్లుతుంటుంది, చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అందుకే కాసేపు ఇక్కడే ఆగుదాం.

టార్క్ లేకపోతే మారనిది కోణీయ ద్రవ్యవేగం. కోణీయ వేగం కాదు. గుండ్రటి బంతికైతే రెండూ ఒకే దిశలో ఉంటాయి కాబట్టి ఏది అన్నా చెల్లుతుంది. పుస్తకానికి చెల్లదు. మన పుస్తకం 1వ అక్షం చుట్టూ ఒక వంతు, 3వ అక్షం చుట్టూ ఒక వంతు వేగంతో ఒకేసారి తిరుగుతోందనుకోండి. కోణీయ వేగం ఆ రెండు అక్షాలకూ సరిగ్గా మధ్యన, 1వ అక్షానికి 45 డిగ్రీల వాలులో ఉంటుంది. కోణీయ ద్రవ్యవేగానికి మాత్రం ఒకవైపు 200, ఇంకోవైపు 637 వాటాలు. దాని వాలు దాదాపు 73 డిగ్రీలు. రెండూ వేరే దిశలు చూస్తున్నాయి. గదిలో ద్రవ్యవేగం దిశ కదలదు. పుస్తకం మాత్రం దాని చుట్టూ వాలు మారుస్తూ ఉంటుంది. వాలు మారితే వేగమూ మారుతుంది.

ఇంకొందరు "కోణీయ ద్రవ్యవేగం తలకిందులైంది కదా" అని అడిగారు. కాలేదు. పుస్తకం తలకిందులైంది. పక్కన ఒకరిని నిలబెట్టి పల్టీ ఎటు పడుతోందో చూడమనండి. మెలి తిరగక ముందూ తర్వాతా పల్టీ ఒకే వైపు పడుతుంది. 1985లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్ 7లో వ్యోమగామి జానిబెకోవ్ చూసిన రెక్కల నట్టు సంగతీ ఇదే. బోల్టు నుంచి ఊడివచ్చి తేలుతూ, కాసేపటికోసారి ముందు వెనకలు మార్చుకుంది. గదిలో ఒకేచోట నిలబడి చూసేవారికి దాని తిరుగుడు దిశ మాత్రం మారదు.

సరే, పోయిన పాఠంలోని ఆయిలర్ సమీకరణాలు తీయండి. పుస్తకం 2వ అక్షం చుట్టూ Ω వేగంతో తిరుగుతోంది, మిగతా రెంటి చుట్టూ చేతి పొరపాటు వల్ల వచ్చిన అతి చిన్న వేగాలు ω1, ω3 ఉన్నాయి.

```
dω1/dt = (445 − 637)/200 · Ω · ω3 = −0.96  Ω ω3
dω3/dt = (200 − 445)/637 · Ω · ω1 = −0.385 Ω ω1
```

గుర్తులు చూడండి, రెండూ ఒకటే. ఒకటి పెరిగితే రెండోదాన్ని నెడుతుంది, అది తిరిగి మొదటిదాన్ని నెడుతుంది. పెరుగుదల రేటు రెండు అంకెల లబ్ధానికి వర్గమూలం, అంటే 0.61 Ω. ఒక పూర్తి చుట్టులో పెరిగే భాగం దాదాపు 45 రెట్లవుతుంది. ఒక డిగ్రీ పొరపాటు కూడా ఒక్క పల్టీలోనే ఎందుకు బయటపడుతుందో దీంతో తెలుస్తుంది. చెయ్యి పొరపాటును మొదలుపెడుతుందే కానీ పెంచదు. 1వ లేదా 3వ అక్షానికి ఇదే రాస్తే ఒక గుర్తు ప్లస్, ఒకటి మైనస్ వస్తాయి. ఒకటి నెడితే రెండోది వెనక్కి లాగుతుంది, పుస్తకం కాస్త ఊగి ఊరుకుంటుంది.

అయితే ఈ లెక్క పొరపాటు చిన్నగా ఉన్నంతవరకే. పూర్తిగా తిరగబడి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ ఎందుకు వెనక్కి వస్తుందో చెప్పదు. దానికి నాకు నచ్చిన దారి కొండల దారి. కోణీయ ద్రవ్యవేగం అంతే ఉన్నప్పుడు 1వ అక్షం చుట్టూ తిరిగితే శక్తి అన్నిటికన్నా ఎక్కువ, 3వ దాని చుట్టూ తిరిగితే తక్కువ. ఒక గోళం మీద శక్తిని ఎత్తుగా గీస్తే 1వ అక్షం రెండు కొసల్లో శిఖరాలు, 3వ దానికి రెండు లోయలు, 2వ దానికి రెండు కనుమలు వస్తాయి. శక్తి మారదు కాబట్టి పుస్తకం ఎత్తు మారకుండా నడవాలి. శిఖరం దగ్గర అలా నడిస్తే శిఖరం చుట్టూ చిన్న చుట్టు. లోయలోనూ అంతే. కనుమలో ఒక అడుగు పక్కన మొదలుపెడితే ఎత్తు మారని దారి మిమ్మల్ని కొండ పక్క నుంచి అవతలి కనుమకు తీసుకుపోతుంది. కనుమ దగ్గర నడక నెమ్మది, అందుకే నట్టు కాసేపు కుదురుగా కనిపించి, గభాలున తిరగబడి, మళ్లీ కుదురుగా ఉంటుంది.

ఒక హద్దు గుర్తుంచుకోండి. వస్తువు ఏమాత్రం వంగినా శక్తి వేడిగా పోతుంది, నడక కిందికి జారుతుంది. అప్పుడు శిఖరం కూడా నిలవదు, లోయలే మిగులుతాయి. 1958లో అమెరికా పంపిన ఎక్స్‌ప్లోరర్ 1ను పెన్సిల్‌లా పొడవు అక్షం చుట్టూ తిప్పి వదిలారు. దాని తీగ యాంటెన్నాలు ఊగుతూ శక్తిని తినేశాయి, ఉపగ్రహం అడ్డంగా పల్టీలు కొట్టే తిరుగుడుకు చేరింది.

అభ్యాసం ఒక్కటే, కానీ తీరిగ్గా కూర్చోవాలి. వెడల్పు 14, మందం 2 అలాగే ఉంచి పొడవు తగ్గిస్తూ పొండి. 14 దగ్గర 1, 2 అక్షాలు సమానమై మెలి ఆగిపోతుంది. 15 దగ్గర ఒక చుట్టుకు 5 రెట్లు. సరిగ్గా 10 రెట్లు రావాలంటే పొడవెంత? అట్టముక్కలు అంటించి ఆ దిమ్మ చేసి, పరుపు మీద పడేలా విసరండి. మీ జవాబు 16 సెం.మీ.కి కొద్దిగా పైన రావాలి. రాకపోతే ముందు 2వ, 3వ అక్షాల అంకెలు తారుమారయ్యాయేమో చూడండి.